ఛాయాచిత్రంలో చొక్కా ముడత, వంకర టై

ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, కోటు వేసుకొని, టై కట్టుకొని స్టూడియోకు వెళ్ళిన మనిషి కూడా ఫొటో చేతికి వచ్చిన తరువాత అందులో ఇన్ని ముడతలు ఎక్కడివని ఆశ్చర్యపోతాడు. ఎదుట కూర్చుని మాట్లాడినవారికి అవి కనబడలేదు. ఎదుటి మనిషి కదులుతూ, మాట్లాడుతూ ఉన్నంతసేపు చూపు అతని ముఖం మీదనే నిలుస్తుంది. ఛాయాచిత్రంలో కదలిక లేదు. చూపు ముఖాన్ని పరిశీలించి మెడ దగ్గరకు దిగుతుంది. అక్కడ తెల్లని చొక్కా, నల్లని కోటు, రంగు టై ఒకదాని పక్కన ఒకటి ఉండటం వల్ల ఏ చిన్న వంకరైనా వెంటనే పట్టుబడుతుంది.

మళ్ళీ ఫొటో తీయించుకొనే వీలుంటే అంతకన్న సులభమైన మార్గం లేదు. ఆ వీలు లేనప్పుడు తీసిన చిత్రాన్నే సరిదిద్దవలసి ఉంటుంది. ఈ పని చేతివాటంతోపాటు కొంత భౌతికశాస్త్రం, కొంత జ్యామితి తెలిసినవారికి బాగా సాధ్యమవుతుంది.

ముడత ఎందుకు కనబడుతుంది?

తెల్లని చొక్కా మీద ముడత పడినంత మాత్రాన అక్కడ బట్ట రంగు మారదు. మారినది బట్ట వాలు మాత్రమే. ఒక ఉపరితలం మీద కాంతి నిటారుగా పడితే వెలుగు అత్యధికంగా ఉంటుంది. కాంతి దిశకు, ఉపరితలపు లంబరేఖకు మధ్యనున్న కోణం పెరిగిన కొద్దీ ఆ కోణపు కొసైను విలువ ప్రకారం వెలుగు తగ్గుతుంది. లాంబర్టు అనే శాస్త్రజ్ఞుడు 1760లో వెలువరించిన గ్రంథంలో ఈ నియమాన్ని వివరించాడు.

చొక్కా మీద కాంతి ఎడమవైపు కిటికీ నుంచి 45 డిగ్రీల కోణంలో పడుతున్నదనుకోండి. చదునుగా ఉన్న బట్ట మీద వెలుగు 45 డిగ్రీల కొసైను, అనగా 0.71. ఒక చిన్న ముడత లేచి, దాని రెండు పక్కలు చెరి 10 డిగ్రీలు వాలి ఉన్నాయి. కిటికీ వైపునకు వాలిన పక్క మీద కోణం 35 డిగ్రీలకు తగ్గి వెలుగు 0.82 అవుతుంది. అవతలి పక్క మీద కోణం 55 డిగ్రీలకు పెరిగి వెలుగు 0.57కు పడిపోతుంది. ఒకదాని పక్కన ఒకటిగా ఒక తెల్లని చార, ఒక నల్లని చార ఏర్పడుతాయి. కన్ను ఈ జంటనే ముడతగా గుర్తిస్తుంది.

అదే కాంతి ఎదురుగా పడితే చదునైన బట్ట మీద వెలుగు 1, ముడత రెండు పక్కల మీద 0.98. తేడా దాదాపు లేదు. ముడత ఉన్నా కనబడదు. పక్క వెలుతురులో తీసిన చిత్రాలలోనే ముడతలు ఎక్కువగా తేలడానికి కారణం ఇదే.

ముడతను దిద్దేవారు మొదట గ్రహించవలసిన విషయం ఇందులోనే ఉంది. ముడతకు ఎప్పుడూ రెండు చారలుంటాయి. చాలామంది నల్లని చారను మాత్రం తెల్లగా చేసి పని ముగిసిందనుకొంటారు. తెల్లని చార అలాగే మిగిలి, బట్ట మీద సుద్దగీత గీసినట్లు కనబడుతుంది.

నెగెటివు మీద పెన్సిలు

ఫిల్ము కాలంలో స్టూడియోలలో ఈ పని పెన్సిలుతో జరిగేది. నెగెటివులో వెలుగు నీడలు తారుమారుగా ఉంటాయి. ప్రింటులో నల్లగా రావలసిన నీడ నెగెటివులో పలుచగా, పారదర్శకంగా ఉంటుంది. ఆ పలుచని చోట సన్నగా చెక్కిన పెన్సిలుతో చిన్నచిన్న గీతలు వేస్తే గ్రాఫైటు కాంతిని కొంత ఆపుతుంది. అప్పుడు ప్రింటులో ఆ నీడ తేలిక పడుతుంది. తెల్లని చార సంగతి ఇంతకన్న కష్టం. నెగెటివులో అది దట్టంగా ఉంటుంది కనుక పదునైన కత్తి మొనతో గీకి పలుచన చేయాలి, లేదా ప్రింటు వచ్చిన తరువాత దానిమీద కుంచెతో రంగు అద్దాలి. చేయి ఒకసారి తప్పితే నెగెటివు పోయినట్లే.

కంప్యూటరు వచ్చిన తరువాత ఈ భయం తీరింది. అసలు చిత్రాన్ని భద్రపరచి, నకలు మీద పనిచేయవచ్చు. అయితే కొత్త చిక్కు ఒకటి వచ్చింది. తెరమీద ముడతను రుద్ది చదును చేయడం ఎంతో సులభం కనుక, ముడతతోపాటు బట్ట నేత కూడా చెరిగిపోతున్నది. చొక్కా నూలుబట్టలా కాక, ప్లాస్టిక్కు రేకులా కనబడుతుంది. ఫొటోను ఎవరో దిద్దారని చూసినవారు పసిగట్టేది ఇక్కడే.

నేతను, నీడను వేరుచేయడం

చిత్రంలోని ప్రతి చుక్కకు వెలుగును తెలిపే ఒక సంఖ్య ఉంటుంది. సాధారణంగా ఇది 0 నుంచి 255 వరకు ఉంటుంది. 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు. ముడతకు అడ్డంగా ఒక వరుసలో పది చుక్కల విలువలు ఇలా ఉన్నాయనుకోండి. గణితం తేలికగా ఉండేందుకు ముడత నీడను మాత్రమే, అందులోనూ చాలా సన్నని ముడతను తీసుకోవడమైనది:

202, 198, 192, 178, 172, 168, 182, 188, 202, 198

వీటిని జాగ్రత్తగా చూస్తే ఇందులో రెండు విషయాలు కలిసి ఉన్నాయని తెలుస్తుంది. మొదటిది మెల్లగా దిగి మళ్ళీ లేచే నీడ:

200, 200, 190, 180, 170, 170, 180, 190, 200, 200

రెండవది చుక్క చుక్కకు మారే చిన్న ఎగుడుదిగుడు: +2, −2, +2, −2. ఇది పడుగు పేకల నేత. ముడత నీడ వెడల్పైనది, నేత సన్ననిది. వెడల్పులో ఉన్న ఈ తేడాను ఆధారం చేసుకొని రెంటినీ విడదీయవచ్చు.

మొత్తం వరుసను 200గా మార్చివేస్తే ముడత పోతుంది గాని నేత కూడా పోతుంది. అట్లా కాక, మొదటి వరుసను మాత్రం 200కు తెచ్చి, రెండవ వరుసను తిరిగి కలిపితే 202, 198, 202, 198 అని వస్తుంది. ముడత పోయింది, నేత నిలిచింది.

ఉచితంగా లభించే GIMP అనే కార్యక్రమంలో దీనిని ఇలా చేస్తారు. చిత్రానికి ఒక నకలు పొర చేసి, దానిని `Gaussian Blur` తో మసకగా చేయాలి. మసకలో నేత కలిసిపోయి నీడ మాత్రమే మిగులుతుంది. ఈ మసక పొర పద్ధతిని `Grain extract` గా మార్చితే తెరమీద అసలు విలువ నుంచి మసక విలువను తీసివేసిన ఫలితం కనబడుతుంది. రుణసంఖ్యలు రాకుండా కార్యక్రమం దానికి 128 కలుపుతుంది:

నేత = అసలు − మసక + 128

ఆ ఫలితాన్ని `New from Visible` తో వేరే పొరగా తీసుకొని అన్నిటికన్న పైన ఉంచాలి. మసక పొరను మళ్ళీ `Normal` కు మార్చి, పై పొరను `Grain merge` కు మార్చాలి. అప్పుడు తీసివేసినది తిరిగి కలుస్తుంది. తెరమీద అసలు చిత్రమే యథాతథంగా కనబడితే ఇంతవరకు సరిగా జరిగినట్లు గుర్తు.

ఇక దిద్దవలసినది మధ్యనున్న మసక పొరను మాత్రమే. ముడత ఉన్న భాగాన్ని అంచులు మెత్తగా ఉండేటట్లు ఎంచుకొని, పక్కనున్న చదునైన బట్ట వెలుగును మెత్తని కుంచెతో అక్కడికి తేవాలి. పై పొరలోని నేతను ముట్టుకోనక్కరలేదు.

మసక ఎంత ఉండాలి అన్నదే ఇందులో ముఖ్యమైన ప్రశ్న. అది పోగు వెడల్పుకన్న ఎక్కువగా, ముడత వెడల్పుకన్న తక్కువగా ఉండాలి. ఒక చిత్రంలో పోగులు 3, 4 చుక్కల ఎడంలోను, ముడతలు 50 చుక్కల వెడల్పులోను ఉంటే, 8 లేక 10 చుక్కల మసక సరిపోతుంది. తప్పు జరిగితే పొరలే చెబుతాయి. మసక పొరలో ఇంకా నేత కనబడుతుంటే మసక చాలలేదు. నేత పొరలో ముడతలు బూడిదరంగు చారలుగా కనబడుతుంటే మసక మితిమీరింది.

ఏ ముడతను తీయాలి?

చొక్కా మీది గీతలన్నీ ఒక జాతివి కావు. పెట్టెలో మడత పెట్టినందువల్ల వచ్చిన అడ్డగీత, బస్సులో కూర్చున్నందువల్ల నలిగిన నలుగు, ఇస్త్రీ పెట్టె తప్పుగా తగిలి పడిన జంటగీత బట్టకు వచ్చిన లోపాలు. వాటిని తీసివేయవచ్చు. చంక దగ్గర నుంచి రొమ్ము మీదికి పాకే మడత, మోచేయి వంపులోని మడతలు, టై ముడి కింద పడే చిన్న గుంట అట్లాంటివి కావు. ఆ బట్ట లోపల ఒక శరీరం ఉన్నదని, అది ఈ విధంగా కూర్చున్నదని చెప్పేవి అవే. వాటిని కూడా తీసివేస్తే చొక్కా అట్టముక్కకు కత్తిరించి అతికించినట్లుంటుంది.

తీయవలసిన ముడతనైనా పూర్తిగా మాపనక్కరలేదు. 200 వెలుగున్న బట్ట మీద 170కు దిగిన నీడను 190 వరకు తెస్తే చూపు అక్కడ ఆగదు. అదే 200కు తెస్తే చుట్టూ ఉన్న సహజమైన హెచ్చుతగ్గుల మధ్య అది మరీ నున్నగా ఉండి, తిరిగి చూపును పట్టి ఆపుతుంది.

గళ్ళ చొక్కా, చారల చొక్కాలకు ఈ పద్ధతి సగమే పనిచేస్తుంది. ముడత మీద నీడ మాత్రమే కాక, చార కూడా వంగి ఉంటుంది. నీడను తీసివేస్తే వంగిన చార అలాగే మిగిలి, కారణం లేని వంకరగా కనబడుతుంది. అటువంటి చోట ముడతను కొంత తగ్గించి వదలడమే మంచిది.

ఒక ప్రధానోపాధ్యాయుని చిత్రం

ఇప్పుడు కాలరు, టైల సంగతి ఒక ఉదాహరణతో చూడవచ్చు. ఒక ఉన్నత పాఠశాలలో చాలాకాలం పనిచేసిన ప్రధానోపాధ్యాయుడు పదవీ విరమణ నాడు కోటు, టైతో తీయించుకొన్న ఫొటో ఒక్కటే ఉన్నదనుకోండి. ఆయన కాలం చేసిన తరువాత పాఠశాలవారు దానిని పెద్దదిగా చేయించి హాలులో పెట్టదలచారు. చిన్న ఫొటోలో ఎవరూ గమనించని లోపాలు పెద్దదిలో బయటపడ్డాయి. టై ముడి ఎడమకు ఒరిగింది. ఎడమ కాలరు కొన లేచి నిలిచింది. ఈ చిత్రాన్ని తిరిగి తీయడం సాధ్యం కాదు. ఆయనను రోజూ చూసిన వందలమంది ఆ హాలులోకి వస్తారు కనుక, దిద్దుబాటులో ఆయన పోలిక కాస్త తప్పినా వారికి తెలిసిపోతుంది.

చిత్రం 3000 చుక్కల వెడల్పు, 4000 చుక్కల ఎత్తు. చుక్కల స్థానాలను గ్రాఫు కాగితం మీద వలెనే రెండు సంఖ్యలతో చెబుతారు. అయితే రెండవ సంఖ్యను పై అంచు నుంచి కిందికి లెక్కిస్తారు. టై ముడి మధ్యబిందువు (1477, 2010) దగ్గర ఉంది. టై కోటులోకి దూరే చోటు (1537, 2490). అంటే 480 చుక్కల నిలువులో టై 60 చుక్కలు పక్కకు జరిగింది. 60ని 480తో భాగిస్తే 0.125. ఇది టాంజెంటుగా గల కోణం సుమారు 7.1 డిగ్రీలు.

టైని 7.1 డిగ్రీలు తిప్పితే సరిపోతుందని తోచవచ్చు. కాని అది ఫొటో చట్రానికి సమాంతరంగా నిలబెట్టడం అవుతుంది. టై నిలవవలసినది మనిషి శరీరపు మధ్యరేఖ మీద. ఈ రేఖను తెలుసుకొనేందుకు కాలరు పైఅంచు దగ్గర మెడ రెండు పక్కలకు మధ్యబిందువును, కోటు పైగుండీని తీసుకొంటారు. అవి (1530, 1930), (1538, 2570) దగ్గర ఉన్నాయి. 640కి 8, అనగా 0.0125. కోణం సుమారు 0.7 డిగ్రీలు. ఆయన కూర్చోవడమే కొద్దిగా ఒరిగి కూర్చున్నారు. కాబట్టి తిప్పవలసినది 7.1లో 0.7 పోగా 6.4 డిగ్రీలు మాత్రమే.

టై కోటులోకి దూరే చోటును ఇరుసుగా ఉంచి, గడియారపు ముల్లు తిరిగే దిక్కున 6.4 డిగ్రీలు తిప్పితే ముడి 54 చుక్కలు కుడికి జరిగి 1531 దగ్గర నిలుస్తుంది. మధ్యరేఖ ఆ ఎత్తులో ఉండవలసిన చోటు కూడా అదే. ఇందుకోసం `Free Select` తో టైని చుట్టుగీత గీసి, వేరే పొర మీదికి తీసి తిప్పాలి. తిప్పడం ఒక్కసారే జరగాలి. తిప్పిన ప్రతిసారీ కార్యక్రమం పాత చుక్కల మధ్య విలువలను అంచనా వేసి కొత్త చుక్కలను నింపుతుంది కనుక, నాలుగుసార్లు కొద్దికొద్దిగా తిప్పిన టై మిగిలిన చిత్రంకన్న మసకగా తయారవుతుంది. తిప్పిన తరువాత కోటు అంచు మీదికి వచ్చిన టై భాగాన్ని చెరిపివేయాలి. టై కోటు కిందికి పోవాలి గాని, కోటు మీద పడి ఉండరాదు.

పాత టై కింది పొరలో అలాగే ఉంది. కొత్త టైకి ఎడమపక్కన అది ఒక సన్నని త్రిభుజంగా కనబడుతుంది. పైన 54 చుక్కల వెడల్పు, సగం దూరంలో 27, కింద సున్న. ఈ త్రిభుజాన్ని చొక్కా బట్టతో నింపాలి. ఆ బట్ట దగ్గరలోనే దొరుకుతుంది. టై ఎడమకు జరిగినందువల్లనే కుడిపక్క చొక్కా ఎక్కువగా బయటపడి ఉన్నది. అక్కడి నుంచి `Clone` తో తీసుకోవచ్చు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. వెలుతురు ఎడమ నుంచి వస్తున్నది. ముక్కు నీడ కుడి చెంప మీద పడటమే అందుకు సాక్ష్యం. టై నీడ కూడా టైకి కుడిపక్కనే ఉంటుంది. ఆ నీడతోపాటు బట్టను తెచ్చి ఎడమపక్కన అతికిస్తే, ఒక్క చిత్రంలో ఇద్దరు సూర్యులున్నట్లవుతుంది. కనుక నీడకు దూరంగా ఉన్న చోటు నుంచే బట్టను తీసుకోవాలి. కొత్త టైకి కుడిపక్కన సన్నని నీడను మెత్తని కుంచెతో పలుచగా వేయాలి. నీడ లేని టై చొక్కా మీద ఉన్నట్లుండదు, గాలిలో తేలినట్లుంటుంది.

లేచిన కాలరు కొన

ఎడమ కాలరు కొన వంకరగా ఉంది, కుడి కొన చక్కగా ఉంది. కుడిదానిని అద్దంలోలాగా తిప్పి ఎడమన అతికిస్తే చాలదా అని ఎవరికైనా తోస్తుంది. ఆకారం సరిపోతుంది గాని వెలుతురు సరిపోదు. కుడి కాలరు మీద నీడ దాని కుడి అంచున ఉంటుంది. తిప్పగానే అది ఎడమ అంచుకు వస్తుంది, కిటికీ ఉన్న వైపుననే నీడ పడినట్లవుతుంది. పైగా నిజమైన కాలరు రెండు భాగాలు ఎన్నడూ అచ్చుగుద్దినట్లు ఒకటిగా ఉండవు.

అందువల్ల ఎడమ కొననే కిందికి దించాలి. `Warp Transform` లో కాలరుకన్న కాస్త పెద్ద కుంచెను తీసుకొని కొనను కొద్దికొద్దిగా, మొత్తం 35 చుక్కల వరకు నెట్టాలి. చిన్న కుంచెతో నెడితే అంచు అలలు అలలుగా వస్తుంది. అంచు వెంబడి పోయే కుట్టుగీతను గమనిస్తూ ఉండాలి. అంచుకు, కుట్టుకు మధ్య దూరం అంతటా ఒకటిగా ఉంటే పని సరిగా ఉన్నట్లు.

కొన దిగిన తరువాత, అది లేచి ఉన్నప్పుడు వేసిన వెడల్పు నీడ కింద మిగిలిపోతుంది. దానిని ముడతను దిద్దినట్లే దిద్దాలి. కాని పూర్తిగా చెరపరాదు. కాలరుకు మందముంది కనుక అంచున నాలుగైదు చుక్కల సన్నని నీడ ఉండే తీరాలి. తెల్లని కాలరు నల్లని కోటుకు ఆనుకొన్న అంచు దగ్గర మసక పొర మీద పనిచేసేటప్పుడు కాలరును ముందుగా విడిగా ఎంచుకోవాలి. లేకపోతే కోటు నలుపు కాలరు మీదికి పాకి, అంచు మురికి పట్టినట్లవుతుంది.

పరీక్ష, పరిమితి

ఎక్కువసేపు చూసిన కన్నుకు లోపాలు అలవాటై కనబడవు. చిత్రాన్ని అద్దంలోలాగా తాత్కాలికంగా తిప్పి చూస్తే వంకరలు మళ్ళీ కొత్తగా కనబడతాయి. `Curves` తో వెలుగు నీడల తేడాను తాత్కాలికంగా బాగా పెంచితే దిద్దిన చోట్లు అతుకులుగా తేలుతాయి. చివరగా చిత్రాన్ని గోడ మీద చూసే పరిమాణానికి తగ్గించి చూడాలి. ముఖం కన్న ముందు కాలరు కంటబడితే పని ఇంకా మిగిలి ఉన్నట్లు, లేదా ఎక్కువైనట్లు.

హాలులో పెట్టే చిత్రానికి ఈ దిద్దుబాటు తగినదే. పాస్‌పోర్టు వంటి గుర్తింపు పత్రాలకు ఇచ్చే ఫొటోలను కంప్యూటరుతో మార్చరాదు. అక్కడ చొక్కా ముడతే అయినా అలాగే ఉండనివ్వాలి, లేదా ఇస్త్రీ చేయించి మళ్ళీ తీయించుకోవాలి. నూలులోని సెల్యులోజు అణువుల మధ్యనున్న బంధాలు తేమకు, వేడికి సడలి, బట్ట చదునుగా ఉండగా ఆరితే తిరిగి అదే ఆకారంలో బిగుసుకొంటాయి. నీళ్ళు చల్లి చేసిన ఇస్త్రీ పొడిగా చేసినదానికన్న బాగా నిలవడానికి కారణం అదే. ఆ తరువాత దీపాన్ని పక్క నుంచి కాస్త ముందుకు జరిపి, మీట నొక్కేముందు ఒకరు కాలరును చేతితో సర్దితే, పైన చెప్పిన పనిలో చాలా భాగం మిగులుతుంది.